చెమటకాయలా, తామరా? ట్యూబు కొనే ముందు రెండు గుర్తులు చూడండి



ఈసారి పురుగుల జబ్బు గురించి కాదు, పురుగులు మేపే మన ఒంటి గురించి మాట్లాడుకుందాం.

పోయిన ఏప్రిల్ పంటలో మా ఇంట్లో జరిగింది చెప్తాను. పురుగులు నాలుగో జ్వరం లేచి బాగా మేస్తున్నాయి. రోజుకు మూడుసార్లు కొమ్మ మేత వేస్తున్నాం. బయట ఎండ మండిపోతుంటే కిటికీలకు తడి గోనెపట్టాలు కట్టి, నేల మీద నీళ్ళు చల్లి, పురుగుల ఇల్లు చల్లబరిచాం. పురుగుకు అది హాయి. మనకు మాత్రం చెమట ఆరదు. లోపలి గాలిలోనే తేమ నిండి ఉంటుంది కాబట్టి, పట్టిన చెమట పట్టినట్టే ఒంటిమీద నిలుస్తుంది.

మూడో రోజుకు నాకు తొడల మడతల్లో, చంకల్లో, నడుము దగ్గర లుంగీ బిగిసే చోట సూదులు గుచ్చినట్టు చురచుర మొదలైంది. అదే వారం మా తమ్ముడికి గజ్జల్లో ఒకటే దురద. ఇద్దరిదీ ఒకటే అనుకున్నాం. మందుల అంగట్లో చెప్తే ఒక ట్యూబు ఇచ్చారు. ఇద్దరమూ అదే పూసుకున్నాం.

పురుగులు చంద్రికలెక్కాక నాకు పని తగ్గింది, నీడపట్టున ఉన్నాను. నాలుగైదు రోజుల్లో నాది పూర్తిగా పోయింది. తమ్ముడిది కూడా రెండు రోజుల్లో తగ్గింది. కానీ ట్యూబు ఆపగానే మళ్ళీ వచ్చింది. మళ్ళీ పూశాడు, మళ్ళీ తగ్గింది. ఇలా ఆడుతూ జూన్ వచ్చేసరికి అది తొడ కిందికి, వెనక పిర్ర మీదికి పాకింది. చివరికి చర్మ డాక్టరు దగ్గరికి పోతే, మచ్చ అంచున కొంచెం పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూసి, ఇది తామర అన్నారు. నాకు వచ్చినవి వట్టి చెమటకాయలు. రెండు వేరు వేరు జబ్బులకు ఒకే మందు పూశామన్నమాట.

*చెమటకాయలు ఎందుకు చురుక్కుమంటాయి?*

చర్మం ఎప్పుడూ తడిగా ఉంటే పైపొర నాని ఉబ్బుతుంది. దాంతో చెమట బయటికొచ్చే సన్న గొట్టాలు మూసుకుపోతాయి. చెమట మాత్రం లోపల ఊరుతూనే ఉంటుంది. దారి లేక అది చర్మం లోపలే కారుతుంది. ఆ కారిన చోట చిన్న ఎర్రటి పొక్కు లేస్తుంది, చురుక్కుమంటుంది. అందుకే చెమట పట్టడం మొదలైన క్షణం నుంచే మంట ఎక్కువవుతుంది. తమిళనాడు వైపు వేర్కురు అనేది దీన్నే. ఇది అంటుకునేది కాదు.

తామర అలా కాదు. అది బూజు జాతి జీవి. చర్మం పైపొరను తింటూ పక్కకు పాకుతుంది. మన పురుగులకు సున్నకట్టు రోగం తెచ్చేదీ బూజే. అది వేరు, ఇది వేరు, కానీ రెండింటికీ తేమ అంటే ఇష్టం. పురుగుల బూజు మనకు తామరగా అంటుకోదు. తామర మనిషి నుంచి మనిషికి, తువ్వాలు, లోదుస్తుల ద్వారా అంటుకుంటుంది.

*చూడాల్సిన రెండు గుర్తులు*

మొదటిది, చల్లబడితే ఏమవుతుంది? స్నానం చేసి, ఒళ్ళు ఆరబెట్టుకొని, ఫ్యాను కింద కాసేపు కూర్చోండి. చెమటకాయలైతే చురచుర చాలావరకు అణుగుతుంది. చల్లగా ఉంటే పొక్కులు కూడా కొద్ది రోజుల్లో మానిపోతాయి. తామర దురద చెమటలో పెరుగుతుంది కానీ, చల్లబడినా పూర్తిగా వదలదు. వారాలు గడిచేకొద్దీ మచ్చ పెద్దదవుతుంది.

రెండోది, అంచు ఎలా ఉంది? చెమటకాయలు ఆవగింజలు చల్లినట్టు విడివిడిగా చిన్న పొక్కులుగా ఉంటాయి, వాటికి హద్దు ఉండదు. తామరకు హద్దు ఉంటుంది. అంచు కాస్త పైకి లేచి, ఎర్రగా, పొట్టు రాలుతూ ఉంటుంది. మధ్యభాగం మానినట్టు కనిపిస్తుంది. గుండ్రంగానో వంపుగానో గీత గీసినట్టుంటే అనుమానించాల్సిందే.

ఆడవాళ్ళకు రొమ్ము కింద, లావుగా ఉన్నవాళ్ళకు పొట్ట మడతలో మరో రకం బూజు వస్తుంది. మడత లోతట్టున పచ్చి పుండులా ఎర్రగా, తడిగా ఉండి, చుట్టూ దూరదూరంగా చిన్న పొక్కులుంటాయి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఇది ఎక్కువ. మళ్ళీమళ్ళీ వస్తుంటే రక్తంలో చక్కెర చూపించుకోండి.

*ఆ ట్యూబులో ఏముంది?*

తమ్ముడి ట్యూబులో బూజు మందుతో పాటు స్టెరాయిడ్ కూడా ఉంది. స్టెరాయిడ్ ఎరుపును, దురదను త్వరగా అణిచేస్తుంది కాబట్టి రోగం పోయిందనుకుంటాం. కానీ బూజును అడ్డుకునే చర్మం శక్తినీ అది తగ్గిస్తుంది. లోపల బూజు హాయిగా పాకుతుంది. పైన అంచు చెరిగిపోయి, డాక్టరుకు కూడా చూడగానే గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఎక్కువ రోజులు పూస్తే మడతల్లో చర్మం పలచబడి చారలు పడతాయి. ట్యూబు మీద క్లోబెటాసాల్, బీటామెథాసోన్, మోమెటాసోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టే. డాక్టరు రాయకుండా గజ్జల్లో పూయకండి.

*ఏం చేయాలి?*

చెమటకాయలకు మందు చల్లదనమే. మేత వేసి బయటికి రాగానే తడి బట్ట మార్చండి, మామూలు నీళ్ళతో కడిగి మెత్తగా ఒత్తి ఆరబెట్టండి. వదులు నూలు బట్టలు కట్టుకోండి. మంట ఎక్కువైతే కాలమిన్ లోషన్ రాయవచ్చు. నూనె, జిడ్డు మలాములు వద్దు, అవి చెమట దారిని ఇంకా మూస్తాయి. మడతల్లో పౌడరు దట్టంగా చల్లితే తడికి ముద్ద కట్టి ఒరుస్తుంది.

తామరకు బూజు మందు ఒక్కటే ఉన్న మలాము కావాలి. మచ్చ మీదే కాక, అంచు దాటి ఒక అంగుళం మేర కూడా పూయాలి. దురద పోగానే ఆపకూడదు. మచ్చ కనిపించకుండా పోయాక కూడా డాక్టరు చెప్పిన గడువు దాకా, మామూలుగా ఇంకో రెండు వారాలు పూయాలి. మా తమ్ముడికి మాత్రలు కూడా ఇచ్చారు, ఆరు వారాలు పట్టింది. వాళ్ళావిడకూ చిన్న మచ్చ ఉంటే ఇద్దరికీ ఒకేసారి మందు వాడారు. లోదుస్తులు వేడినీళ్ళలో ఉతికి, బాగా ఎండలో ఆరేశారు. తువ్వాలు ఎవరిది వారికి పెట్టుకున్నారు.

ఇంకొక మాట. పడకలో చల్లే సున్నం, పొడి మందులు "ఆరబెడతాయి కదా" అని ఒంటికి చల్లుకునేవాళ్ళున్నారు. చెమట తడి మీద సున్నం చర్మాన్ని కాలుస్తుంది. బ్లీచింగ్ నీళ్ళు పిచికారీ చేసిన రోజు మాత్రమే మంట వస్తే, అది ఈ రెండూ కాకపోవచ్చు, మందు తగిలిన మంట కావచ్చు. వెంటనే నీళ్ళతో బాగా కడుక్కోండి. అలాగే ఒంటికి మలాము పూసిన చేత్తో ఆకు ముట్టకండి, సబ్బుతో కడుక్కున్నాకే మేత వేయండి.

చీము పట్టినా, జ్వరం వచ్చినా, మచ్చ పాకుతున్నా, వారం చల్లగా ఉన్నా తగ్గకపోయినా డాక్టరుకు చూపించండి. గజ్జల్లోది కదా అని సిగ్గుపడి మా తమ్ముడు రెండు నెలలు దాచాడు. మొదటి వారమే చూపించి ఉంటే అరచేతి మచ్చతోనే తీరిపోయేది.