మచ్చలు చెప్పే ఇరుగుపొరుగు

తెలియని ద్రవం ఒకటి ఉంది. మాస్ స్పెక్ట్రమ్ దాని ఫార్ములా C6H10O2 అని తేల్చింది. మామూలు ప్రోటాన్ ఎన్ఎంఆర్‌లో 6.96, 5.84 పీపీఎంల దగ్గర ఒక్కో హైడ్రోజన్, 4.18 దగ్గర రెండు, 1.87, 1.28ల దగ్గర మూడేసి కనిపించాయి. లెక్క పదికి సరిపోయింది. ఇక తేలాల్సింది ఎవరి పక్కన ఎవరున్నారన్నది.

దానికి కోజీ పటం తీస్తాం. 1971లో జాన్ జీనర్ యుగోస్లావియాలోని ఒక వేసవి పాఠశాలలో ప్రతిపాదించిన ఆలోచన ఇది. పటానికి రెండు అక్షాల మీదా ప్రోటాన్ స్పెక్ట్రమే ఉంటుంది. మూల నుంచి మూలకు వెళ్లే వికర్ణం మీది మచ్చలు కొత్తగా ఏమీ చెప్పవు. దానికి అవతలున్న మచ్చలే ఒకదానితో ఒకటి కపుల్ అయిన ప్రోటాన్లను చూపిస్తాయి.

4.18 నుంచి అడ్డంగా వెళ్తే 1.28 దగ్గర ఒకే మచ్చ తగులుతుంది. అంటే ఇది ఇథైల్ గుంపు. 4.18 అంత ఎడమగా ఉండటాన్ని బట్టి దాని CH2 ఆక్సిజన్‌కు అంటుకుని ఉందనుకోవచ్చు. 6.96 వరుసలో రెండు గట్టి మచ్చలున్నాయి, 5.84 దగ్గర ఒకటి, 1.87 దగ్గర ఒకటి. కాబట్టి వరుస CH3–CH=CH.

అయితే 5.84కీ 1.87కీ మధ్య కూడా ఓ పలచని మచ్చ ఉంది. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. మచ్చ ఉందంటే కప్లింగ్ ఉందనే అర్థం, మధ్యలో ఎన్ని బంధాలున్నాయో అది చెప్పదు. మామూలు స్పెక్ట్రమ్‌లో చీలికలు కొలిస్తే 6.96, 1.87ల మధ్య 6.9 హెర్ట్జ్ వస్తుంది, ఈ జంట మధ్య 1.7 మాత్రమే. ఇది డబుల్ బాండ్ మీదుగా నాలుగు బంధాలు దాటి వచ్చిన కప్లింగ్. డబుల్ బాండ్ మీది రెండు ప్రోటాన్ల మధ్య 15.5 హెర్ట్జ్ ఉంది కనుక అవి ట్రాన్స్. కాంటూర్ స్థాయి పెంచితే ఆ పలచని మచ్చ మాయమవుతుంది. మరీ తగ్గిస్తే నాయిస్ చారలు మచ్చల్లా కనిపిస్తాయి. అసలు మచ్చకు వికర్ణానికి అవతలి పక్క కూడా జోడీ ఉంటుంది, చారకు సాధారణంగా ఉండదు.

ఇక కార్బన్లు: 166.6, 144.4, 122.9, 60.1, 17.9, 14.2. హెచ్ఎస్‌క్యూసీలో ఒక అక్షం ప్రోటాన్‌ది, రెండోది కార్బన్‌ది. నేరుగా అంటుకున్న జంటలే అందులో పడతాయి. 6.96కు 144.4, 5.84కు 122.9, 4.18కు 60.1 వచ్చాయి. రెండు మిథైళ్లలో ఏది ఎవరిదో ఊహించనక్కర్లేదు: 1.87 వరుసలో 17.9, 1.28 వరుసలో 14.2 కనిపించాయి. 166.6 దగ్గర మచ్చే లేదు. ఆ కార్బన్‌కు హైడ్రోజన్ లేదు, అది ఎస్టర్ కార్బొనిల్.

రెండు ముక్కలనూ కలపడానికి రెండు మూడు బంధాల దూరం చూసే హెచ్ఎంబీసీ కావాలి. 4.18, 6.96 రెండూ మూడేసి బంధాల మీదుగా 166.6నే చూపించాయి. ద్రవం ఇథైల్ ట్రాన్స్-క్రోటోనేట్. ఇదే పటంలో 1.28కి రెండు పక్కలా, సుమారు 127 హెర్ట్జ్ ఎడంతో, 14.2 ఎత్తులో ఒక జంట మచ్చ కనిపించవచ్చు. అది నేరు బంధం తాలూకు మిగులు, దాన్ని కొత్త బంధంగా లెక్కేయకూడదు.