ఐదు కిలోల పెట్టెలో ఏముంటుంది?

మార్చి దాటగానే వాట్సాప్ గ్రూపుల్లో మామిడి బుకింగులు మొదలవుతాయి. తోట ఫొటో, రేటు, ఫోన్‌పే నంబరు. చాలా పోస్టుల్లో అంతే ఉంటుంది. కొనేవాడికి మాత్రం ఏ సైజు కాయ వస్తుంది, ఎప్పుడు వస్తుంది, పండి వస్తుందా పచ్చిగా వస్తుందా అన్నవే కావాలి. అవి రాయకపోవడం వల్లే మే నెలలో రైతు ఫోను మోగుతూనే ఉంటుంది.

నూజివీడు వైపు బంగినపల్లి తోట ఉన్న రైతు ఇలా రాశాడనుకుందాం: ‘ఐదు కిలోల పెట్టె. ఎ గ్రేడు: కాయ 350 గ్రాములు పైన, పెట్టెకు 12 నుంచి 14. బి గ్రేడు: 250 నుంచి 350 గ్రాములు, పెట్టెకు 15 నుంచి 19. తూకం తోటలో వేసింది. ఏప్రిల్ 25 – మే 5 మధ్య మొదటి కోత. కాయ గట్టిగా వస్తుంది, ఇంట్లో మాగవేసుకోవాలి.’ ఆరే ముక్కలు, కానీ అడగాల్సిన ప్రశ్నలు సగం తగ్గిపోయాయి.

ఇందులో గ్రేడు అంటే సైజు, పైతొక్క. తీపి కాదు. ఒకే చెట్టు కాయ ఎ పెట్టెలోకీ బి పెట్టెలోకీ పోతుంది. పక్వానికి వచ్చి ఉంటే రెండింటి రుచికీ పెద్ద తేడా ఉండదు. ఇంట్లో తినడానికైతే బి గ్రేడే లాభమని నా అభిప్రాయం. కొమ్మకు రాసుకున్న గీతలు, సొన కారి ఏర్పడిన మరకలు తొక్కకే పరిమితం. సొన మరకలు తగ్గాలంటే కాయను కొంచెం తొడిమ ఉంచి, చిక్కంతో కోయాలి. మాగేకొద్దీ పెద్దవై, లోపలికి దిగే నల్లమచ్చలు వేరు. అవి తెగులువి. మొదటి రకాన్ని ఒప్పుకుంటామని, రెండోదానికి బదులు కాయ ఇస్తామని పోస్టులో విడదీసి రాయడం నిజాయితీ.

తేదీకి బదులు గడువు ఎందుకంటే, మామిడి ఒక్క విడతలో పూయదు. ముందు పూసిన కొమ్మ కాయ కోతకొచ్చేసరికి వెనక పూసింది ఇంకా టెంక పట్టకుండా ఉంటుంది. పైగా ఏప్రిల్‌లో గాలివాన వస్తే కాయ రాలుతుంది, కోత ఆగుతుంది. ‘మే 1న తప్పక పంపిస్తా’ అని మాటిచ్చిన రైతుకు ఆ రోజు రెండే దారులు: మాట తప్పడం, లేదా లేత కాయ కోయడం. లేత కాయ ఎన్నాళ్లుంచినా పండదు. తొక్క ముడతలు పడి, పుల్లగా, చప్పగా మిగులుతుంది.

పక్వానికి వచ్చిందో లేదో తెలియాలంటే తొడిమ దగ్గర చూడాలి. భుజాలు లేచి, తొడిమ మొదలు కాస్త గుంటలోకి దిగినట్టుంటే కాయ తయారైనట్టే. అనుమానముంటే బక్కెట్టు నీళ్లలో వేయండి. తయారైనది మునుగుతుంది, లేతది తేలుతుంది. ఒక కాయ కోసి చూస్తే టెంక చుట్టూ లేత పసుపు కనిపించాలి. కోత ముందురోజు రైతు ఇలా కోసిన కాయ ఫొటో ఒకటి గ్రూపులో పెడితే తోట మొత్తం ఫొటో కన్నా ఎక్కువ నమ్మకం కలుగుతుంది.

‘కార్బైడ్ వాడం’ అన్నది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతేమీ కాదు, కాల్షియం కార్బైడ్‌తో పళ్లు మాగబెట్టడం చట్టప్రకారం నిషేధం. పరిమితికి లోబడి ఇథిలీన్ వాయువు వాడుకోవచ్చు. అసలు రాయాల్సింది కాయ ఏ స్థితిలో చేరుతుందన్నదే. తోట నుంచి వచ్చినది గట్టిగా, ఆకుపచ్చగా ఉంటుంది. పెట్టెలోంచి తీసి, వరిగడ్డి మీదో పాత పేపర్ల మీదో ఒకదానికొకటి తగలకుండా పరచండి. నాలుగు నుంచి ఏడు రోజుల్లో ముచ్చిక దగ్గర వాసన మొదలవుతుంది, వేలితో నొక్కితే కాస్త దిగుతుంది. అన్నీ ఒకేరోజు పండవు, రోజూ తిప్పిచూసి పండినవి తీసుకోవాలి. మాగేటప్పుడు తేమ పోయి కొంత తరుగు వస్తుంది. ఆ సంగతి రాయకపోతే ‘అన్నా, ఐదు కిలోలు లేవు’ అనే ఫోన్ ఖాయం.

పెట్టె అందినరోజే విప్పి, నలిగినవీ కుళ్లినవీ ఉంటే అప్పుడే ఫొటో తీసి రైతుకు పంపండి. వారం తర్వాత పంపితే దారిలో పాడైందో ఇంట్లో పాడైందో ఎవరూ తేల్చలేరు. పండకముందు మాత్రం ఒక్క కాయను కూడా ఫ్రిజ్‌లో పెట్టకండి, ఆ చలికి దెబ్బతిన్న కాయ తర్వాత సరిగా పండదు.