‘ఉందని’ అన్నారా, ‘ఉండేదని’ అన్నారా?

ఒక మంత్రి విలేకరులతో మాట్లాడారనుకుందాం. ఆయన చెప్పినవి మూడు ముక్కలు: ఆనకట్ట భద్రంగా ఉంది, మరమ్మతులు మేలోనే పూర్తయ్యాయి, శుక్రవారం గేట్లు ఎత్తుతాం. ఈ మాటలు ఇంగ్లిష్ కాపీగా మారి రాత్రి పొద్దుపోయాక తెలుగు డెస్కుకు చేరతాయి. ఎడిషన్ తొందరలో ఉన్న సబ్ ఎడిటర్ చకచకా ఇలా రాసేస్తాడు: ‘ఆనకట్ట భద్రంగా ఉండేదని, శుక్రవారం గేట్లు ఎత్తేవాళ్లమని మంత్రి చెప్పారు.’ పొద్దున్నే పేపరు చదివిన దిగువ ఊళ్లవాళ్ల గుండెల్లో రాయి పడుతుంది. భద్రంగా ఉండేదంటే ఇప్పుడు లేదనేగా!

సబ్ ఎడిటర్ కల్పించిందేమీ లేదు. ఇంగ్లిష్ కాపీలో ‘వజ్’ ఉంది, ‘వుడ్’ ఉంది. అయితే అవి జరిగిపోయిన కాలాన్ని చెప్పేవి కావు. ఒకరి మాటను ‘సెడ్’ అని భూతకాలంలో చెప్పినప్పుడు, ఇంగ్లిష్ లోపలి క్రియను కూడా ఒక మెట్టు వెనక్కి లాగుతుంది. ‘ఈజ్’ కాస్తా ‘వజ్’ అవుతుంది, ‘విల్’ కాస్తా ‘వుడ్’ అవుతుంది. ఆ వ్యాకరణంలో దీని పేరు బ్యాక్‌షిఫ్ట్.

తెలుగుకు ఈ అవసరం లేదు. మన బడిపుస్తకాలు పరోక్ష కథనం అని నేర్పే పద్ధతిలో ‘అని’ ఒక్కటే ఆ పని చేసిపెడుతుంది. మాట్లాడినవాడి కాలం చెక్కుచెదరదు. ‘వస్తాను’ అన్నవాడి మాట పదేళ్ల తర్వాత చెప్పినా ‘వస్తానని అన్నాడు’ అనే అంటాం. రష్యన్, జపనీస్ భాషల తీరూ ఇదే. ఈ విషయంలో ఇంగ్లిష్‌దే కొంచెం వింత దారి.

అందుకే డెస్కులో పనికొచ్చే ప్రశ్న ఒక్కటే: ఈ వాక్యం మంత్రి నోటి నుంచి బయటికి వచ్చినప్పుడు ఎలా ఉండి ఉంటుంది? కాపీని మనసులోనే కొటేషన్లలోకి మార్చుకుంటే ‘వజ్’ వెనక ఉన్న ‘ఉంది’, ‘వుడ్’ వెనక ఉన్న ‘ఎత్తుతాం’ బయటపడతాయి. వాటికి ‘అని’ తగిలిస్తే చాలు: ‘ఆనకట్ట భద్రంగా ఉందని, మరమ్మతులు మేలోనే పూర్తయ్యాయని, శుక్రవారం గేట్లు ఎత్తుతామని మంత్రి చెప్పారు.’

ప్రతిసారీ ఇంత సులువుగా తేలదు. ఒకాయన సైన్యంలో ‘వజ్’ అని చెప్పినట్లు కాపీలో ఉంటే, ఆయన అన్నది ‘సైన్యంలో ఉన్నాను’ అనా, ‘సైన్యంలో ఉండేవాణ్ని’ అనా? ఇంగ్లిష్ వాక్యానికి రెండు అర్థాలూ కుదురుతాయి. తెలుగులో మాత్రం ఏదో ఒకటి తేల్చుకోక తప్పదు. పక్కన సంవత్సరం ఉందా, అదే కాపీలో ఆయన వయసో ఇప్పటి ఉద్యోగమో కనిపిస్తుందా అని వెతకాలి. ఏ ఆధారమూ దొరక్కపోతే విలేకరికి ఫోన్ చేయడమే మేలు.

కాలం సరిపోయాక కూడా ఇంకో చోట కాలు జారుతుంది. ‘తాను రాజీనామా చేయబోరని ఆయన స్పష్టం చేశారు’ వంటి వాక్యాలు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటాయి. ‘నేను’ పోయి ‘తాను’ వచ్చినా, తెలుగులో క్రియ మాట్లాడినవాడి వైపే ఉంటుంది: ‘తాను రాజీనామా చేయబోనని’ అనాలి. ‘ఆయన చేయబోరని’ అంటే మాట ఇంకెవరి గురించో అవుతుంది.

ఎదురు దిక్కున వచ్చే తప్పు మనవాళ్లు ఇంగ్లిష్ రాసేటప్పుడు కనిపిస్తుంది. ఒంట్లో బాగాలేదని పోయినేడాది ఎవరో చెప్పిన సంగతి రాస్తూ, ‘అని’ అలవాటు కొద్దీ లోపల ‘ఈజ్’ ఉంచేస్తారు. ఆ మనిషి ఇంకా మంచం మీదే ఉన్నాడనిపిస్తుంది ఇంగ్లిష్ పాఠకుడికి. అలాగని ‘ఈజ్’ కనిపించినచోటల్లా దిద్దనక్కర్లేదు. ఇప్పటికీ నిజమైన సంగతికి అది చెల్లుతుంది. ‘మంత్రి చెప్పారు’ అన్న ముక్క వాక్యం చివర కామా తర్వాత వస్తే, అసలు మాటను ఉన్న కాలంలోనే ఉంచడం ఇంగ్లిష్ వార్తల్లో మామూలే.

కథల అనువాదంలో నష్టం ఇంకాస్త గుట్టుగా జరుగుతుంది. ‘అతను అబద్ధం చెప్పాడని ఆమెకు తెలుసు’ అని తెలుగులో చదివితే, అబద్ధం ఎప్పుడో చెప్పిందనీ, ఆమె ఆ సంగతి దాచుకుని ఉందనీ అనిపిస్తుంది. మూలంలోనేమో అతను ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నాడు, ఆమె అతని కళ్లలోకి చూస్తోంది. అక్కడ ఉండాల్సింది ‘అబద్ధం చెబుతున్నాడని’. ఒక్క క్రియ మారేసరికి ఇప్పుడే పుట్టిన అనుమానం పాత పగలా తయారైంది.

పాత్ర మనసులోని మాటను రచయిత తన గొంతుతో చెప్పేచోట ఇంగ్లిష్ ‘టుమారో వజ్ సండే’ అని కూడా రాస్తుంది. దాన్ని ‘రేపు ఆదివారం అయింది’ అని దించినవాడు అక్కడే చిక్కుకుపోతాడు. తెలుగులో ఆ పిల్లవాడు పక్క మీద దొర్లుతూ అనుకునేది రెండే మాటలు, క్రియ కూడా లేకుండా: రేపు ఆదివారం.