మీథేన్ లెక్క తేలేది మంటలోనే

గ్రాఫైట్‌నీ హైడ్రోజన్‌నీ ఒకచోట పెట్టి, మీథేన్ పుడుతుంటే ఎంత వేడి వస్తుందో కొలుద్దామంటే కుదరదు. మామూలు ఉష్ణోగ్రతలో ఆ చర్య కదలనే కదలదు. కానీ ఈ మూడింటినీ విడివిడిగా మండించి వేడి కొలవవచ్చు. 1840లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో హెస్ చెప్పిన సూత్రం ఇక్కడే అక్కరకొస్తుంది: మొదలూ చివరా అవే అయితే, ఏ దారిన వెళ్ళినా మొత్తం వేడి మారదు.

ఒక మోల్ కార్బన్ మండితే 393.5 కిలోజౌళ్ళు వెలువడతాయి. రెండు మోళ్ళ హైడ్రోజన్ మండి నీరైతే 571.6. మొత్తం 965.1. అదే కార్బన్, అదే హైడ్రోజన్ మీథేన్ రూపంలో మండితే వచ్చేది 890.3 మాత్రమే. చివరికి మిగిలేవి మాత్రం రెండుచోట్లా కార్బన్ డయాక్సైడ్, నీరే. మరి ఆ 74.8 ఎటు పోయింది? మీథేన్ ఏర్పడేటప్పుడే బయటికి పోయి ఉండాలి. కాబట్టి మీథేన్ ఏర్పడే ఎంథాల్పీ మోల్‌కు మైనస్ 74.8 కిలోజౌళ్ళు.

బోల్తా పడేది నీటి దగ్గర. మీథేన్‌కు ద్రవ నీటి అంకె ఉంచి, హైడ్రోజన్‌కు పొరపాటున ఆవిరి అంకె 241.8 వాడితే జవాబు ప్లస్ 13.2 అవుతుంది, గుర్తే తిరగబడుతుంది! పైగా ఇది రెండు పెద్ద అంకెల తేడా. మీథేన్ మంట కొలతలో ఒక్క శాతం తప్పు దొర్లినా, జవాబు దాదాపు 9 కిలోజౌళ్ళు, అంటే 12 శాతం, పక్కకు పోతుంది.