ఒక కాలే వాచిందా?

హైదరాబాద్ నుంచి అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లే అమ్మానాన్నలు దాదాపు ఒక రోజంతా కూర్చునే గడుపుతారు. దిగాక రెండు పాదాలూ కాస్త ఉబ్బడం మామూలే, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ఒక కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే మాత్రం ఆలోచించాలి.

నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి సిరల్లోని రక్తాన్ని గుండె వైపు నెడుతుంది. గంటల తరబడి కదలకపోతే ఆ రక్తం నిలిచి, లోపలి సిరలో గడ్డకట్టవచ్చు. ఇదే డీప్ వీన్ థ్రాంబోసిస్. ప్రయాణం ముగిసిన కొన్ని వారాల వరకూ ఈ ప్రమాదం ఉంటుంది.

మోకాలి ఆపరేషన్ అయిన నెలకే విమానమెక్కిన ఒక తల్లిని ఊహించండి. అయిదో రోజున ఎడమ పిక్క వాచింది. బెణికిందనుకుని నూనె రాసి మర్దన చేయకూడదు. అదే రోజు డాప్లర్ స్కాన్ చేయించాలి. గడ్డ ఉందని తేలితే రక్తం గడ్డకట్టకుండా చేసే మందులు కనీసం మూడు నెలలు వాడాలి.

ఆ గడ్డ తెగి ఊపిరితిత్తుల రక్తనాళంలో ఇరుక్కుంటే పల్మనరీ ఎంబాలిజం. ఉన్నట్టుండి ఆయాసం వస్తుంది. గట్టిగా ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు రావచ్చు, కళ్లు తిరిగి పడిపోవచ్చు, దగ్గితే రక్తం పడవచ్చు. కొందరికి కాలు వాపు అసలు కనిపించదు. ఆయాసం మొదలైతే తెల్లారేదాకా ఆగకుండా అక్కడైతే 911కి, ఇక్కడైతే 108కి ఫోన్ చేయాలి. ప్రయాణం సంగతీ, ఆపరేషన్ సంగతీ డాక్టరుకు ముందే చెప్పాలి.