నాణ్యతా హామీ, నాణ్యతా నియంత్రణ, పరీక్ష: మూడు భావనల భేదం – ఔషధ పరిశ్రమ నేపథ్యంలో ఒక పరిశీలన

పరిశ్రమలలోను, సాఫ్ట్‌వేర్ సంస్థలలోను నిత్యం వినిపించే క్వాలిటీ అష్యూరెన్స్, క్వాలిటీ కంట్రోల్, టెస్టింగ్ అనే మూడు మాటలకు నాణ్యతా హామీ, నాణ్యతా నియంత్రణ, పరీక్ష అనేవి తెలుగు సమానార్థకాలు. వీటిని పర్యాయపదాలుగా వాడటం కొత్తగా ఈ రంగంలోకి వచ్చినవారిలో తరచు కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్ సంస్థలు పరీక్షలు చేసే ఉద్యోగికే ‘క్యూఏ ఇంజినీర్’ అనే హోదా ఇవ్వడం ఈ అయోమయానికి కొంతవరకు కారణం. అంతర్జాతీయ ప్రమాణమైన ఐఎస్‌ఓ 9000 నిర్వచనాల సారం ప్రకారం, నిర్దేశించిన అవసరాలను నెరవేర్చడంపై దృష్టి పెట్టేది నియంత్రణ. అవి నెరవేరుతాయన్న విశ్వాసాన్ని కలిగించడంపై దృష్టి పెట్టేది హామీ. నిర్వచనాలు సరైనవే అయినా, వాటిని కంఠస్థం చేసినంత మాత్రాన భేదం బోధపడదు. ఒక పని ఎక్కడ చెడిందో పరిశీలించినప్పుడు అది స్పష్టమవుతుంది. అందుకు నరంలోకి ఎక్కించే గ్లూకోజు ద్రావణం తయారీ తగిన ఉదాహరణ.

పరీక్ష చెప్పేది, చెప్పలేనిది

గ్లూకోజు ద్రావణాన్ని సీసాలలో నింపి, మూత బిగించి, ఆటోక్లేవ్ అనే పీడన పాత్రలో నీటి ఆవిరితో వేడిచేస్తారు. సాధారణంగా 121 డిగ్రీల సెల్సియస్ వద్ద 15 నిమిషాలు ఉంచితే సూక్ష్మజీవులు నశిస్తాయి. తరువాత కొన్ని సీసాలను ప్రయోగశాలకు పంపుతారు. అక్కడ ద్రావణాన్ని రెండు రకాల పోషక మాధ్యమాలలో చేర్చి 14 రోజులు ఉంచుతారు. మాధ్యమం మడ్డిబారితే సూక్ష్మజీవులు ఉన్నట్టు. తేటగా ఉంటే ఆ నమూనా పరీక్షలో నెగ్గినట్టు. ఇది పరీక్ష. ఒక నిర్దిష్ట నమూనాను ఒక నిర్దిష్ట పద్ధతిలో పరిశీలించి ఫలితం చెప్పడంతో దాని పని ముగుస్తుంది.

పరీక్షించిన సీసా రోగికి పనికిరాదు. కాబట్టి అన్నింటినీ పరీక్షించడం అసాధ్యం. కొన్నింటిని మాత్రమే ఎంచుకోవాలి. ఈ పరిమితి ఎంత తీవ్రమైనదో చిన్న లెక్క చూపిస్తుంది. ఒక పెద్ద బ్యాచ్‌లో నూటికి ఒక సీసా కలుషితమైందని, అందులోంచి 20 సీసాలను యాదృచ్ఛికంగా తీశారని అనుకుంటే, ఆ ఇరవైలో ఒక్కటి కూడా కలుషితమైనది కాకపోయే సంభావ్యత ఇలా వస్తుంది:

```
0.99^20 = 0.818
```

అంటే, చెడిన బ్యాచ్ కూడా నూటికి సుమారు 82 సార్లు పరీక్షలో నెగ్గుతుంది. ఇంతటి కల్తీని 95 శాతం నిశ్చయంతో పట్టుకోవాలంటే దాదాపు 300 సీసాలను పరీక్షించవలసి ఉంటుంది. ప్రయోగశాలలో ఎవరూ తప్పు చేయకపోయినా ఫలితం ఇదే. ‘పరీక్షలో నెగ్గింది’ అనే వాక్యాన్ని ‘నాణ్యమైనది’ అనే అర్థంలో చదవడం వలన వచ్చే చిక్కు ఇక్కడే ఉంది.

డెవన్‌పోర్ట్ ఘటన

1972లో ఇంగ్లండులోని ప్లిమత్ నగరంలో, డెవన్‌పోర్ట్ ఆసుపత్రి విభాగంలో కలుషితమైన గ్లూకోజు ద్రావణం ఎక్కించిన రోగులలో కొందరు మరణించారు. ఆ ద్రావణం అంతకు ముందు సంవత్సరం ఒక ఔషధ కర్మాగారంలో తయారైంది. బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన క్లోథియర్ కమిటీ దీనిపై విచారణ జరిపింది.

లోపం ఆటోక్లేవ్‌లో జరిగింది. గాలి ఆవిరికంటే బరువైనది. దాన్ని పూర్తిగా వెళ్లగొట్టకపోతే పాత్ర అడుగున నిలిచిపోతుంది. అలా నిలిచిన గాలి వలన కింది భాగపు సీసాలకు కావలసిన ఉష్ణోగ్రత అందలేదు. ఉష్ణోగ్రతను కాగితంపై గీసే నమోదు పరికరం తేడాను చూపింది. అయితే ఆ పరికరమే చెడిందని భావించి దాన్ని లెక్కచేయలేదు. పరీక్షకు తీసిన నమూనాలు పైభాగపు సీసాలలోనివి. అవి సక్రమంగా వేడెక్కినవే కనుక పరీక్షలో నెగ్గాయి.

ఈ ఒక్క ఘటనలోనే మూడు భావనలూ విడివిడిగా కనిపిస్తాయి. ప్రయోగశాల ఇచ్చిన ఫలితం, తనకు అందిన సీసాల మేరకు, నిజమే. పరీక్ష అబద్ధం చెప్పలేదు. దాన్ని అడిగిన ప్రశ్నే సరికాదు. పైన చూపిన లెక్క కూడా యాదృచ్ఛిక ఎంపికను ఆధారం చేసుకున్నది. ఎంపిక ఒకే చోటి నుంచి జరిగితే, కింది సీసాలు సగం చెడినా పరీక్షకు ఆ విషయం తెలిసే మార్గం లేదు.

నమూనాలను ఆటోక్లేవ్‌లోని ఏ చోటి నుంచి, ముఖ్యంగా అతి తక్కువగా వేడెక్కే చోటి నుంచి ఎన్ని తీయాలో నిర్ణయించడం, ఉష్ణోగ్రత గీతను ప్రమాణంతో పోల్చడం, రెండింటిలో ఏది తేడాగా ఉన్నా బ్యాచ్‌ను ఆపడం నియంత్రణ పనులు. పరీక్ష నియంత్రణలో ఒక సాధనం మాత్రమే. పరికరం చూపిన గీతను చదివి బ్యాచ్‌ను నిలిపివేసి ఉంటే, ప్రయోగశాల ఫలితం కోసం ఎదురుచూడనవసరమే లేదు.

హామీకి సంబంధించిన ప్రశ్నలు ఇంకా వెనకకు వెళతాయి. పరికరం చెడిందని కార్మికుడు అనుకున్నప్పుడు పనిని కొనసాగించే అధికారం అతనికి ఎవరిచ్చారు? పరికరాన్ని చివరిసారి సరిచూసింది ఎప్పుడు? ఆ గీతపై సంతకం చేయకుండా బ్యాచ్ గిడ్డంగి దాటకూడదనే నియమం ఉందా? ఆటోక్లేవ్ నింపినప్పుడు అడుగుభాగం కూడా 121 డిగ్రీలకు చేరుతుందని ముందుగానే కొలిచి నిరూపించారా? ఈ ప్రశ్నలలో ఏదీ ఒక సీసా గురించినది కాదు. అన్నీ పని జరిగే విధానం గురించినవే. నేర నిర్ణయం కార్మికుడి దగ్గరే ఆగిపోతే ఈ ప్రశ్నలు అడిగే అవసరం ఎవరికీ కనిపించదు. అనేక సంస్థల అంతర్గత విచారణలు నేటికీ అక్కడే ఆగుతుంటాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఇదే భేదం

హైదరాబాదు ఔషధ సంస్థలలో ఈ రెండు విభాగాలు వేర్వేరు గదులలో, వేర్వేరు అధికారుల కింద పనిచేస్తాయి కనుక భేదం కంటికి కనిపిస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో ఒకే వ్యక్తి మూడు పనులూ చేయడం వలన అది మరుగున పడుతుంది. ఒక కళాశాల పరీక్షల దరఖాస్తులో విద్యార్థి `04571` అనే హాల్‌టికెట్ సంఖ్య ఇస్తే తెరపై `4571` అని కనిపించిందనుకుంటే, ఆ తేడాను కనుగొనడం పరీక్ష. అదే విడుదలలోని ఇతర సంఖ్యా గడులను కూడా సరిచూసి, సరిదిద్దేవరకు విడుదలను ఆపడం నియంత్రణ. గుర్తింపు సంఖ్యలను అంకెలుగా కాక అక్షరాలుగానే భద్రపరచాలని రూపకల్పన నియమావళిలో చేర్చి, కోడ్ సమీక్షలో దాన్ని తప్పనిసరి చేయడం హామీ. మొదటి రెండు పనులతోనే సరిపెట్టుకుంటే అదే తప్పు మరుసటి సంవత్సరం బ్యాంకు ఖాతా సంఖ్య రూపంలో తిరిగి వస్తుంది.

పరీక్ష లేని విడుదల

హామీ బలపడినకొద్దీ పరీక్ష పాత్ర ఎలా మారుతుందో ఔషధ రంగంలోని ‘పారామెట్రిక్ రిలీజ్’ పద్ధతి చూపుతుంది. ఇందులో, నియంత్రణ సంస్థ అనుమతితో, 14 రోజుల పరీక్షను పూర్తిగా మానివేసి, ఆ బ్యాచ్‌కు చెందిన ఉష్ణోగ్రత, పీడనం, కాలం నమోదుల ఆధారంగానే సీసాలను విడుదల చేస్తారు. ఇక్కడ కోరే ప్రమాణం పది లక్షల సీసాలలో ఒకటికి మించి సూక్ష్మజీవి మిగిలే అవకాశం లేకపోవడం. అంత స్వల్పమైన లోపాన్ని ఏ నమూనా పరీక్షా చూపలేదు, నిరూపితమైన ప్రక్రియ మాత్రమే చూపగలదు. అయితే ఈ సౌలభ్యం సీసాలో నింపి మూత బిగించిన తరువాత వేడిచేసే మందులకే వర్తిస్తుంది. వేడికి తట్టుకోలేక, వడపోసి శుభ్రమైన గదిలో నింపవలసిన మందుల విషయంలో పరీక్ష నేటికీ తప్పనిసరి.