డబ్బు కట్టాక కరెంటు ఎప్పుడు?

బోరు వేయించిన రైతు ఎస్టిమేట్ మొత్తం కట్టేశాడనుకుందాం. స్తంభాలు నాటారు, తీగ లాగలేదు. నెలలు గడుస్తున్నా లైన్‌మన్ చెప్పేది ఒకటే మాట: 'మెటీరియల్ రాలేదు.'

ఇలాంటప్పుడు ఏడీఈకి రాసే ఉత్తరంలో గోడు కంటే తేదీలకే బలం ఎక్కువ. దరఖాస్తు నంబరు, డబ్బు కట్టిన రోజు, రసీదు నకలు, ఏ పని ఎక్కడ ఆగిందో అందులో ఉండాలి. ఆఖర్న ఒక్క ప్రశ్న చాలు: ఆలస్యానికి కారణమేమిటో, కనెక్షన్ ఏ తేదీకి ఇస్తారో రాతపూర్వకంగా చెప్పండి. నోటిమాటకు సాక్ష్యం ఉండదు కదా!

2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ ప్రకారం, అవసరమైన చార్జీలతో పూర్తి దరఖాస్తు అందిన నెలలోగా కరెంటు ఇవ్వాలి. తప్పితే రోజుకు వెయ్యి రూపాయల దాకా జరిమానా పడవచ్చు. అయితే కొత్త లైనో సబ్‌స్టేషనో వేయాల్సి వస్తే గడువు పెరుగుతుంది. అధికారులు ఎక్కువగా పట్టుకునేది ఈ మినహాయింపునే. అందుకే, ఇప్పటికే ఉన్న లైను తమ బోరుకు ఎంత దూరంలో ఉందో ఉత్తరంలో రాయడం మంచిది.

నకలుపై ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకోవాలి. జవాబు రాకపోతే అదే కాగితంతో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు, అక్కడా తేలకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు.